బరువు తగ్గడం లేదు, డైట్ హిస్టరీలో మాత్రం 1,050 కిలో క్యాలరీలే: ఆ అంకెను ఎలా పరీక్షించాలి?

ప్రశ్న: నేను డైటీషియన్‌గా కొత్తగా చేరాను. ఒక ఆవిడకు 42 ఏళ్లు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. ఇంట్లోనే ఉంటారు, వంట, ఇంటిపని చేసుకుంటారు. డైట్ హిస్టరీ తీసుకుంటే రోజుకు 1,050 కిలో క్యాలరీలే వచ్చాయి. ఏడాదిగా బరువు పెరగలేదు, తగ్గలేదు. “నేను తినేది ఇంతే మేడమ్, నీళ్లు తాగినా ఒంటికి పడుతుంది” అంటున్నారు. ఈ లెక్కను నమ్మాలా? తక్కువ చేసి చెప్పారని ఎలా తేల్చుకోవాలి? ఇందులోంచి 500 తగ్గించి చార్ట్ ఇవ్వమని మా సీనియర్ అన్నారు. ఇవ్వవచ్చా?

సమాధానం:

ఆ 1,050ను ఆవిడ రోజూ తినే ఆహారంగా తీసుకోకండి. దాంట్లోంచి 500 తీసేసి చార్ట్ అసలే ఇవ్వకండి. అయితే ఆవిడ మీకు అబద్ధం చెప్పారని కూడా అనుకోకండి. ఒక డైట్ హిస్టరీలో క్యాలరీలు తక్కువగా తేలడానికి చెప్పినవారి మరుపు, మొహమాటం ఎంత కారణమో, రాసుకున్నవారి కొలతలు కూడా అంతే కారణం కావచ్చు. ముందుగా అంకెను పరీక్షించి, తర్వాత కారణం వెతకాలి.

ఈ పరీక్షకు ఆధారం ఒక్కటే. మనిషి బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉందంటే, ఆ కాలంలో సగటున తిన్న శక్తీ, ఖర్చయిన శక్తీ దాదాపు సమానంగా ఉన్నాయన్నమాట. తిన్నది ఎంతో మనకు ఆవిడ మాట ద్వారా మాత్రమే తెలుస్తుంది. ఖర్చయినది ఎంతో మాత్రం వయసు, లింగం, బరువు, శ్రమ ఆధారంగా ఒక మోస్తరుగా అంచనా కట్టవచ్చు. ఈ అంచనాకు ఆవిడ జ్ఞాపకశక్తితో సంబంధం లేదు కాబట్టి, చెప్పినదాన్ని దీని పక్కన పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది. ఖర్చులో పెద్ద వాటా బేసల్ మెటబాలిక్ రేటు, అంటే బీఎంఆర్. పూర్తి విశ్రాంతిలో గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పనిచేయడానికే శరీరం వాడుకునే శక్తి అది. మంచం దిగని మనిషికి కూడా రోజంతటికీ ఇందుకు సుమారు 1.2 రెట్లు కావాలి. అందుకే, నడుస్తూ వంట చేసుకుంటూ ఉన్న మనిషి తన బీఎంఆర్ కంటే తక్కువ తింటూ ఏడాదిపాటు అదే బరువులో ఉండడం సాధ్యం కాదు.

మీ కేసు లెక్క చూద్దాం. 30 నుంచి 60 ఏళ్ల స్త్రీలకు షోఫీల్డ్ సమీకరణం ఇది, ఇందులో W అంటే కిలోల్లో బరువు:

```
BMR = 8.126 × W + 845.6
    = 8.126 × 82 + 845.6 ≈ 1512 kcal
```

ఈ సమీకరణం తయారైన సమాచారంలో యూరప్ మనుషుల కొలతలు ఎక్కువ. భారతీయులలో కొలిచిన బీఎంఆర్ దీనికన్నా తక్కువగా వస్తుంది కాబట్టి, మన దగ్గర సుమారు 10 శాతం తగ్గించి వాడడం మేలు. అలా చేస్తే 1,361 వస్తుంది. పైగా ఆవిడ బరువులో కొవ్వు పాలు ఎక్కువ, కొవ్వు కణజాలం కండరం కన్నా తక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. అందువల్ల బరువు ఒక్కదాన్నే చూసే సమీకరణాలు ఊబకాయం ఉన్నవారికి కొంచెం ఎక్కువ చూపుతాయి. సరిచూసుకోవడానికి ఎత్తు, వయసు కూడా పరిగణించే మిఫ్లిన్–సెయింట్ జియోర్ సమీకరణంతో చేసి చూడండి: 10 × 82 + 6.25 × 155 − 5 × 42 − 161, అంటే సుమారు 1,418. మూడు అంకెలూ 1,361 నుంచి 1,512 మధ్యలోనే ఉన్నాయి. అనుమానం ఆవిడ పక్షాన ఉండాలని నేను ఎప్పుడూ అన్నిటికన్నా చిన్న అంకెనే తీసుకుంటాను.

ఇప్పుడు ఆవిడ చెప్పిన ఆహారాన్ని దీనితో భాగిస్తే 1,050 ÷ 1,361 = 0.77. ఆవిడకు అన్నిటికన్నా అనుకూలమైన అంచనాతో చూసినా, చెప్పిన ఆహారం పూర్తి విశ్రాంతి ఖర్చులో నాలుగింట మూడు వంతులు దాటి కొంచెమే ఉంది. ఎక్కువ భాగం కూర్చుని గడిపే జీవితానికి బీఎంఆర్‌కు 1.4 రెట్లు అనుకుంటే, ఆవిడకు రోజుకు సుమారు 1,905 కావాలి. రెంటికీ తేడా 855. ఈ లోటు నిజమైతే నెలకు 25,000 కిలో క్యాలరీలు దాటుతుంది. కిలో కొవ్వు కణజాలానికి సుమారు 7,700 అన్న లెక్కన మొదటి నెలలోనే మూడు కిలోలకు పైగా తగ్గాలి. బరువు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది కాబట్టి ఈ వేగం ఏడాది పొడవునా ఉండదు, ఈ మూడు కిలోలను పన్నెండు నెలలకు గుణించకండి. కానీ వేగం ఎంత తగ్గినా, ఏడాదిలో ఒక్క కిలో కూడా కదలకపోవడం ఈ లోటుతో కుదరదు. ఆవిడ బరువే ఆ 1,050ను కాదంటోంది.

ఇంత స్పష్టంగా తేలని కేసుల కోసమే గీత ఒకటి కావాలి. 1991లో గోల్డ్‌బర్గ్, ఆమె సహచరులు ఆ గీతను ప్రతిపాదించారు, 2000లో అలిసన్ బ్లాక్ దాన్ని సవరించి ఎలా వాడాలో, ఎక్కడ వాడకూడదో వివరించారు. చెప్పిన ఆహారానికి, బీఎంఆర్‌కు ఉన్న నిష్పత్తి ఎంత కిందికి దిగితే ‘ఇది యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కాదు’ అని చెప్పగలమో ఆ గీత తెలుపుతుంది. ఒక మనిషికి సూత్రం ఇలా ఉంటుంది:

```
cut-off = PAL × exp(−2 × S/100)
S = √(23²/d + 8.5² + 15²)
```

ఇందులో PAL అంటే శ్రమ స్థాయి, అంటే మొత్తం ఖర్చు బీఎంఆర్‌కు ఎన్ని రెట్లన్నది. d అంటే ఆహారం రాసుకున్న రోజుల సంఖ్య. 23 అనేది ఒకే మనిషి ఆహారం రోజు రోజుకూ మారే శాతం, 8.5 బీఎంఆర్ అంచనాలో వచ్చే తేడా, 15 మనుషుల శ్రమ స్థాయిలో ఉండే తేడా. ఈ మూడు అనిశ్చితులనూ కలిపి, వాటికి రెండు రెట్ల జాగా ఇస్తున్నామన్నమాట.

ఇక్కడ చాలామంది పొరపడేది d విషయంలో. డైట్ హిస్టరీలో మనం ‘సాధారణంగా ఏం తింటారు’ అని అడుగుతాం, ఒక ఫలానా రోజు గురించి కాదు. అందువల్ల రోజు రోజుకూ వచ్చే హెచ్చుతగ్గులు అందులో ఉండకూడదు, d చాలా పెద్దదని భావించి ఆ మొదటి పదాన్ని వదిలేయాలి. అప్పుడు 1.55 శ్రమ స్థాయికి గీత 1.10 దగ్గర పడుతుంది, మీ ఆవిడ లాంటి 1.4 శ్రమ స్థాయికి 0.99 దగ్గర పడుతుంది. అదే ఒక్క రోజు 24 గంటల రీకాల్ అయితే 1.55కు గీత 0.87కు దిగిపోతుంది. ఎందుకంటే ఆ ఒక్క రోజు ఆవిడ ఏకాదశి ఉపవాసం ఉండి ఉండవచ్చు, జ్వరంతో గంజి మాత్రమే తాగి ఉండవచ్చు. ఒక రోజు తక్కువ తినడం సహజం, ‘ఎప్పుడూ ఇంతే’ అనడం వేరు. ఒక పద్ధతి గీతను ఇంకో పద్ధతికి వాడితే అమాయకులను అనుమానిస్తాం, లేదా తేలవలసినవాటిని వదిలేస్తాం. మీ కేసులో 0.77, 0.99 గీతకు చాలా కింద ఉంది.

గీత దగ్గరగా వచ్చినప్పుడు మాత్రం సమీకరణం ఎంపికే తీర్పును మార్చేస్తుంది. ఇదే ఆవిడ 1,450 చెప్పి ఉంటే, సవరించని షోఫీల్డ్‌తో నిష్పత్తి 0.96 వచ్చి గీతకు కింద పడుతుంది, 10 శాతం తగ్గించిన బీఎంఆర్‌తో 1.07 వచ్చి గీత దాటుతుంది. ఆవిడ మాట మారలేదు, మన లెక్క మాత్రమే మారింది. ఇలాంటి చోట ‘తక్కువ చేసి చెప్పారు’ అని కేస్ షీట్‌లో రాయడానికి మనకు హక్కు లేదని నా అభిప్రాయం. ‘నిర్ధారించలేం, మళ్లీ చూడాలి’ అని రాయండి. ఆసుపత్రిలో శ్వాస వాయువులను కొలిచే ఇన్‌డైరెక్ట్ క్యాలరీమీటర్ ఉంటే విశ్రాంతి ఖర్చును నేరుగా కొలవవచ్చు, కానీ చాలా చోట్ల ఆ సదుపాయం ఉండదు.

ఈ గీతకు ఇంకో పెద్ద లోపం ఉంది, దాని గురించి కొంచెం విస్తరంగా చెప్పాలి. గీత దాటారంటే సరిగ్గా చెప్పారని కాదు. అందరికీ 1.55 శ్రమ స్థాయి పెట్టి చూస్తే, నిజంగా తక్కువ చేసి చెప్పినవారిలో సుమారు సగం మందినే ఇది పట్టుకుంటుందని బ్లాక్ పరిశీలనలోనే తేలింది. తప్పించుకునేవారు ముఖ్యంగా బాగా కష్టపడే మనుషులు. నాట్ల కాలంలో కూలికి వెళ్లే 35 ఏళ్ల ఆడమనిషిని తీసుకోండి, బరువు 48 కిలోలు. షోఫీల్డ్‌తో 1,236, పది శాతం తగ్గిస్తే 1,112. రోజంతా వంగి నాట్లు వేసే ఆమెకు శ్రమ స్థాయి 1.9 అనుకుంటే సుమారు 2,110 కావాలి. ఆమె డైట్ హిస్టరీ 1,350 చూపిస్తే నిష్పత్తి 1.21, 1.10 గీత మీద హాయిగా నెగ్గుతుంది. కానీ 1.9 శ్రమ స్థాయికి గీత దాదాపు 1.35, అక్కడ ఆమె రికార్డు కిందే ఉంది. ఆ సీజన్ అంతా బరువు నిలిచి ఉంటే రోజుకు 700కు పైగా మన రాతలో తప్పిపోయిందన్నమాట. వెతికితే పొద్దున తిన్న చద్దన్నం, పొలం దగ్గర రైతు పెట్టిన భోజనం, సాయంత్రం తాగిన కల్లు బయటపడవచ్చు. ‘భోజనం ఎన్నిసార్లు’ అని అడిగితే ఇవేవీ చెప్పరు, ఎందుకంటే వాటిని భోజనం అని ఎవరూ అనరు. కాబట్టి శ్రమ గురించి ముందు అడగండి, దాన్నిబట్టి గీత గీయండి, ఆ తర్వాతే నిష్పత్తి చూడండి.

నిష్పత్తి తక్కువగా ఉన్న ప్రతిసారీ తప్పు మాటలోనే ఉండదు. నిజంగానే తక్కువ తింటున్నవారు ఉంటారు. అందువల్ల బరువు నిలకడగా ఉందన్నది ఆవిడ మాట మీద కాకుండా, వేర్వేరు తేదీలలో ఒకే తూకం మీద చూసిన అంకెల మీద తేల్చుకోండి. గత రెండు నెలల్లో రెండు మూడు కిలోలు తగ్గి ఉంటే అది తక్కువ తినడం, తక్కువ చెప్పడం కాదు. పది రోజుల కిందటే పొద్దుపోయాక అన్నం మానేసి ఉంటే డైట్ హిస్టరీ ఆ కొత్త అలవాటును చెబుతుంది, బరువు పాత అలవాటును చెబుతుంది, రెండూ నిజమే. ఇంకొకటి నీరు పట్టడం. గుండె, మూత్రపిండం, కాలేయం జబ్బులలో ఒంట్లో నీరు చేరుతుంటే, లోపల కండ, కొవ్వు కరుగుతున్నా తూకం కదలదు, అప్పుడు నిలకడ బరువు మనల్ని మోసం చేస్తుంది. పాదాల మీద వేలితో నొక్కి గుంట పడుతోందేమో చూడడానికి అర నిమిషం చాలు. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఈ లెక్క ఇలాగే వాడకూడదు.

థైరాయిడ్ సంగతి ఆవిడ తప్పకుండా అడుగుతారు. పరీక్ష చేయించకపోయి ఉంటే వైద్యులతో మాట్లాడి చేయించండి, అది ఆవిడకు మనం ఇవ్వవలసిన న్యాయం. హైపోథైరాయిడిజంలో విశ్రాంతి ఖర్చు తగ్గే మాట నిజం. కానీ రోజుకు 1,905 కావలసిన శరీరం మామూలుగా తిరుగుతూ 1,050తో సరిపెట్టుకునేటంత తేడా దానివల్ల రావాలంటే జబ్బు బాగా ముదిరి ఉండాలి, అప్పుడు ఇతర లక్షణాలు కళ్ల ముందే కనబడతాయి.

‘నీళ్లు తాగినా ఒంటికి పడుతుంది’ అన్న మాటను నిజంగానే పరీక్షించి చూశారు. రెండు బరువైన ఐసోటోపులు కలిసిన నీళ్లు తాగించి, తర్వాత రెండు వారాల మూత్రం నమూనాలతో మొత్తం శక్తి ఖర్చును కొలిచే పద్ధతి ఒకటుంది, దాన్ని డబ్లీ లేబెల్డ్ వాటర్ అంటారు. 1986లో బ్రిటన్‌లో ప్రెంటిస్ బృందం దీన్ని ఉపయోగించినప్పుడు, ఊబకాయం ఉన్న స్త్రీల శక్తి ఖర్చు సన్నగా ఉన్నవారికన్నా ఎక్కువే అని, వాళ్లు రాసుకున్న ఆహారం మాత్రం ఆ ఖర్చుకు చాలా తక్కువగా ఉందని తేలింది. 1992లో న్యూయార్క్‌లో లిచ్‌మన్ బృందం, 1,200 కంటే తక్కువ తింటున్నా బరువు తగ్గడం లేదని చెప్పిన 10 మందిని పరీక్షించింది. వాళ్ల శక్తి ఖర్చు వాళ్ల శరీర నిర్మాణానికి ఉండవలసినంతే ఉంది. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారు. ఆ మనుషులు కావాలని దాచారని కాదు. తాము తక్కువే తింటున్నామని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు. మీ ఎదురుగా కూర్చున్న ఆవిడ కూడా అలాగే నమ్ముతూ ఉండవచ్చు.

ఆవిడను మళ్లీ పిలిచే ముందు మీ కాగితం తీసి చూసుకోండి. మొదట బియ్యం. ఆవిడ చెప్పినది వండిన అన్నం, మీరు పట్టికలో చూసినది బియ్యమా, అన్నమా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలలో పాలిష్ బియ్యం 100 గ్రాములకు సుమారు 356 కిలో క్యాలరీలు ఉన్నాయి. ఆ బియ్యం ఉడికి సుమారు రెండున్నర నుంచి మూడు రెట్లు తూగుతుంది కాబట్టి 100 గ్రాముల అన్నానికి 130 దాకానే వస్తాయి. ఈ రెండూ కలగాపులగమైతే లెక్క ఎటైనా పోతుంది. రెండవది, ‘ఒక కప్పు’ అన్నప్పుడు ఎవరి కప్పు? మీ దగ్గర ఉన్న కొలత గిన్నెనా, ఆవిడ ఇంట్లో వడ్డించే గరిటెనా? మూడవది నూనె. కూర పేరు రాసి, కూరగాయకు మాత్రమే క్యాలరీలు వేసి, తాలింపు నూనెను వదిలేస్తే ఒక్క వంకాయ వేపుడు దగ్గరే మన లెక్క తప్పుతుంది. ఈ మూడు చోట్ల తప్పు మనదే, ఆవిడది కాదు.

తర్వాత ఆవిడతో మాట్లాడేటప్పుడు ‘మీరు తక్కువ చెప్పారు’ అనకండి. ‘నేను కొలతలు సరిగా రాసుకోలేదేమోనని అనుమానంగా ఉంది, మళ్లీ ఒకసారి చూద్దామా’ అనండి, అది నిజం కూడా. ఆ తర్వాత ఆవిడ తిండి గురించి నేరుగా అడగకుండా ఇంటి సరుకుల గురించి అడగండి. ఒకరు ఎంత తిన్నారో గుర్తుండకపోవచ్చు గాని, బియ్యం బస్తా ఎన్ని రోజులు వచ్చిందో, నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు కొన్నారో ఏ ఇల్లాలికైనా తెలుసు, దాన్ని చెప్పడంలో సిగ్గుపడవలసింది కూడా ఏమీ లేదు.

ఇలాంటి ఒక ఆవిడ విషయం వివరంగా చెబుతాను. వయసు 45 దాటింది, బరువు 74 కిలోలు, డైట్ హిస్టరీలో 1,100 వచ్చింది. సవరించిన బీఎంఆర్ 1,302, నిష్పత్తి 0.84. ఆవిడ ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు. 26 కిలోల బస్తా ఇరవై అయిదు రోజులు వస్తుందన్నారు, అంటే తలకు సగటున రోజుకు 260 గ్రాముల బియ్యం. ఇడ్లీ, దోసెకు వేరే బియ్యం కొంటారట. ఆవిడ చెప్పిన రెండు కప్పుల అన్నం మాత్రం 110 గ్రాముల బియ్యానికి సమానం. ఇంట్లో మగవాళ్లు ఎక్కువ తింటారనుకున్నా ఇంత తేడా పొసగదు. అందుకని మా గదిలో ఉన్న ఒక స్టీలు కంచం, వండిన అన్నం ఆవిడ ముందు పెట్టి, ఇంట్లో పెట్టుకున్నట్టే పెట్టుకోమన్నాను. మొదట పప్పుతో తినడానికి కొంత, తర్వాత పెరుగన్నానికి ఇంకొంత పెట్టుకున్నారు. తూచితే పూటకు 270 గ్రాములు. మేము రాసుకున్నది 150. ఆవిడ దృష్టిలో ‘ఒక కప్పు’ అంటే మొదటిసారి పెట్టుకున్నది మాత్రమే, పెరుగన్నం లెక్కలోనే లేదు. రెండు పూటలకూ కలిపి 240 గ్రాముల అన్నం, అంటే 310 కిలో క్యాలరీల పైచిలుకు అక్కడే తేలింది. నూనె నెలకు నాలుగు లీటరు ప్యాకెట్లు. లీటరు ప్యాకెట్‌లో సుమారు 910 గ్రాములు ఉంటాయి కాబట్టి తలకు రోజుకు 30 గ్రాములు. మేము రెండు చెంచాలని 10 గ్రాములు వేశాం, ఆ తేడా 180. ఇక టీ. ఉదయం, సాయంత్రం రెండని ముందు చెప్పారు. ‘ఇంటికి ఎవరైనా వస్తే వాళ్లతోపాటు తాగుతారా’ అని అడిగితే నాలుగు అయ్యాయి, ఒక్కొక్కటి పాలు, రెండు చెంచాల పంచదారతో 85 దాకా. మొత్తం కలిపితే 1,100 కాస్తా 1,760 అయింది, నిష్పత్తి 1.35.

అక్కడితో నేను ఆపేశాను. ఇది మీరు ముఖ్యంగా గమనించాలి. 1.4 దగ్గరకు రావాలని ఇంకా ఇంకా అడుగుతూ పోతే, ఆవిడ మనల్ని సంతోషపెట్టడానికి తినని మిక్చర్‌ను కూడా తిన్నానని చెబుతారు. అంచనా వేసిన అవసరం కూడా అంచనాయే, దానికి రెండు వైపులా జాగా ఉంది. నిష్పత్తి గీత దాటి, బరువుతో పొసిగే స్థాయికి వచ్చి, కొత్తగా తేలిన ప్రతి వస్తువుకూ ఇంటి సరుకులలోనో కంచంలోనో ఆధారం కనబడితే చాలు. ఆధారం లేకుండా అంకెను పెంచడం, ఆధారం లేకుండా అంకెను నమ్మడం కన్నా మెరుగైనదేమీ కాదు.

మళ్లీ అడిగినా మీ ఆవిడ 1,050 దగ్గరే నిలబడితే, ఆ డైట్ హిస్టరీని పారేయనక్కరలేదు. ఎన్ని గంటలకు తింటారు, ఏం ఇష్టం, ఏ పూట మానేస్తారు, పాలు, గుడ్లు, పప్పు ఇంట్లో ఎంత తరచుగా ఉంటాయన్న సంగతులు అందులో పనికివస్తాయి. క్యాలరీల మొత్తాన్ని మాత్రం వాడకండి, దాని నుంచి లెక్కకట్టిన ఇనుము, ప్రోటీన్, కాల్షియం అంకెలను కూడా నమ్మకండి. మొత్తాన్ని 1,905కు సరిపెట్టడానికి అన్నిటినీ ఒకే నిష్పత్తిలో పెంచడం కూడా సరికాదు. మనుషులు పప్పును, ఆకుకూరను మరిచిపోరు, నూనెను, పంచదారను, చిరుతిండిని మరిచిపోతారు. అన్నిటినీ సమానంగా పెంచితే ఆవిడ తినని పప్పు కాగితం మీద పెరుగుతుంది.

ఇక చార్ట్. 1,050 నుంచి 500 తీసేస్తే మిగిలేది 550. అది వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఎవరికీ ఇవ్వకూడని ఆహారం. పాటించలేక రెండో వారంలో మానేస్తే ‘నా శరీరమే ఇంత’ అన్న ఆవిడ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది, పాటించగలిగితే కండ కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్ల ముప్పు పెరుగుతుంది. మీ సీనియర్ చెప్పిన 500 తగ్గింపు తప్పు కాదు, దాన్ని ఏ అంకెలోంచి తగ్గిస్తున్నామన్నదే తప్పు. అవసరం అంచనా అయిన 1,905లోంచి తగ్గించి, సుమారు 1,400తో మొదలుపెట్టండి. కాగితం మీద అది ఆవిడ చెప్పినదానికన్నా ఎక్కువగా కనబడుతుంది, ‘ఇంత తింటే ఇంకా లావవనూ?’ అని అడుగుతారు. అందుకని కొలతలన్నీ ఆవిడ ఇంటి గరిటె, ఆవిడ ఇంటి చెంచా ప్రకారం రాసి ఇవ్వండి. నూనెను మాత్రం ఇంటికంతటికీ వారానికి ఇంత అని ఒక సీసాలో వేరుగా పోసుకోమనండి. నాలుగు వారాల తర్వాత అదే తూకం మీద, అదే సమయంలో బరువు చూడండి. లెక్క ప్రకారం రెండు కిలోల చుట్టుపక్కల తగ్గాలి. మొదటి వారం నీరు పోయి కొంచెం ఎక్కువ తగ్గవచ్చు కాబట్టి ఒక్క వారం చూసి ఏమీ తేల్చకండి. నాలుగు వారాలకు తగ్గుదల అంతకు దగ్గరగా ఉంటే మీ అంచనా సరైనదే. అసలేమీ తగ్గకపోతే ముందు కొలతలు పాటించిన తీరు చూడండి, అది సరిగా ఉందని మీకు నమ్మకం కలిగితే మీ 1,905 ఆవిడకు ఎక్కువైందేమో చూసి 100, 150 చొప్పున దించండి. డైట్ హిస్టరీలోని 1,050కు మాత్రం తిరిగి వెళ్లకండి.